మామయ్యకు: ఫ్లైట్ ఆలస్యమైంది, రేపు ఉదయం ఎప్పుడు, ఎక్కడ కలవాలంటే

మామయ్యా, ముందు ఒక్క మాట. ఇప్పుడు బయల్దేరకండి. కారు తీసి ఉంటే లోపల పెట్టేసి పడుకోండి. మా ఫ్లైట్ ఆలస్యమైంది. అమ్మ బాగానే ఉంది, రాత్రి భోజనం చేసింది, మాత్రలు వేసుకుంది, నా పక్కనే కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. కంగారు పడాల్సిందేం లేదు.

మేం ఎక్కాల్సిన విమానం ఇక్కడికి రావడమే ఆలస్యమట. అది వచ్చి, చెకింగ్ పూర్తయ్యాకే మమ్మల్ని ఎక్కిస్తామని ఇప్పుడే అనౌన్స్ చేశారు. తెల్లవారుజామున 3 గంటలకు దిగాల్సిన వాళ్ళం, ఉదయం 9:30కి దిగుతాం. రేపు, అంటే 17వ తేదీ శుక్రవారం ఉదయం. రాత్రి కాదు. ఈ మెసేజ్‌లో టైములన్నీ మన ఇండియా టైమే రాస్తున్నాను. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి టికెట్ మీద ఉన్న బయల్దేరే టైముతో లెక్క వేయకండి, తికమక అవుతుంది.

విమానం ఇక్కడ లేచేది ఉదయం 5:50కి. తలుపులు వేసేముందు మీకు "బయల్దేరాం" అని మెసేజ్ పెడతాను. అది చూశాకే ఇంట్లోంచి కదలండి. 6:30కి సూర్యాపేటలో బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది. 6:15 అయినా నా నుంచి మెసేజ్ రాకపోతే మళ్ళీ ఆలస్యమైందని అర్థం, అప్పుడు కదలొద్దు, నాకు ఫోన్ చేయండి. ఫోన్ కలిస్తే మేం ఇంకా నేల మీదే ఉన్నట్టు. కలవకపోతే, పైన నేను పంపిన టికెట్ ఫొటోలో ఫ్లైట్ నంబర్ ఉంది, చిన్నోడిని అది నెట్‌లో కొట్టి చూడమనండి, లేచిందో లేదో తెలిసిపోతుంది. ఎప్పుడు లేచినా, అక్కడి నుంచి 3 గంటల 40 నిమిషాలకు హైదరాబాద్‌లో దిగుతాం.

దారి మీకు తెలిసిందే కానీ రేపు శుక్రవారం, పైగా ఆఫీసుల టైమ్. హయత్‌నగర్, ఎల్బీనగర్ వైపు వెళ్ళకండి. పెద్దఅంబర్‌పేట దగ్గరే ఔటర్ ఎక్కేసి, ఎయిర్‌పోర్ట్ బోర్డులు చూసుకుంటూ శంషాబాద్ వైపు వెళ్ళిపోండి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి, పంతంగి టోల్ దగ్గర లైనులో ఇరుక్కుంటే అరగంట పోతుంది. చిట్యాలలో ఆగి టీ, టిఫిన్ చేసుకుని రండి, టైముంది. దయచేసి మీరు ఒక్కరే నడుపుకుంటూ రావద్దు. ఈ రాత్రి మీకు నిద్ర సగమే అయి ఉంటుంది, చిన్నోడినే నడపనివ్వండి.

ఇప్పుడు ఎయిర్‌పోర్టులో ఎక్కడ కలవాలో చెబుతాను, ఇది జాగ్రత్తగా చదవండి.

లోపలికి రాగానే దారి రెండుగా కనిపిస్తుంది. డిపార్చర్స్ అని రాసి ఉన్న పై ర్యాంప్ ఎక్కకండి, అది వెళ్ళేవాళ్ళ కోసం. మీరు పార్కింగ్ బోర్డు పట్టుకుని కింది వైపు రండి. కారు పార్కింగ్‌లోనే పెట్టండి. అరైవల్స్ ముందు రోడ్డు మీద ఆపుదాం, ఎలాగూ వచ్చేస్తారు కదా అనుకోవద్దు, సెక్యూరిటీ వాళ్ళు ఎక్కువసేపు నిలబడనివ్వరు, మేం బయటికి రావడానికి చాలా సేపు పడుతుంది. కారు పెట్టిన చోట స్తంభం మీద నంబర్ ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోమనండి. అక్కడి నుంచి నడిచి అరైవల్స్ వైపు రండి. టికెట్ లేనివాళ్ళని టెర్మినల్ లోపలికి వదలరు, అందుకే బయటే కలుద్దాం.

ఇంటర్నేషనల్ అరైవల్స్ అని బోర్డు ఉన్న ద్వారం దగ్గర, ఎదురుచూసేవాళ్ళ కోసం రెయిలింగ్ ఉంటుంది. మీరు ఆ రెయిలింగ్ దగ్గరే, ద్వారం సూటిగా కనిపించేలా నిలబడండి. డొమెస్టిక్ ద్వారం వేరే, అక్కడ నిలబడితే మేం కనిపించం. అనుమానం వస్తే ఎవరినైనా "దుబాయ్ నుంచి వచ్చేవాళ్ళు ఎటు నుంచి వస్తారు" అని అడగండి, చూపిస్తారు. బోర్డు మీద దుబాయ్ ఫ్లైట్లు ఒకటికి మించి ఉండొచ్చు, ఊరి పేరు చూసి ఆగకుండా నంబర్ కూడా కలిపి చూసుకోండి.

మీరు అక్కడ ఉండాల్సిన టైమ్ 10:15. దిగేది 9:30కి అయినా అంతకంటే ముందు వచ్చి నిలబడి కాళ్ళు నొప్పి పుట్టించుకోకండి. బోర్డు మీద ల్యాండెడ్ అని వస్తే చక్రాలు నేలను తాకాయని మాత్రమే. ఆ తర్వాత ఇమిగ్రేషన్ లైను, సామాను బెల్టు, కస్టమ్స్, అన్నీ దాటాలి. అమ్మకి మోకాళ్ళ వల్ల వీల్‌చైర్ రాయించాను. వీల్‌చైర్ వాళ్ళని విమానంలోంచి అందరూ దిగాక చివర్లో దింపుతారు. కాబట్టి మా ఫ్లైట్‌లో వచ్చినవాళ్ళు పెట్టెలు తోసుకుంటూ వెళ్ళిపోతున్నా, మేం కనిపించట్లేదని టెన్షన్ పడకండి. నా లెక్క ప్రకారం 10:30 నుంచి 11 మధ్యలో వస్తాం. అమ్మ ఆకుపచ్చ చీర, పైన గోధుమరంగు శాలువా. వీల్‌చైర్‌ని అక్కడి మనిషి తోసుకొస్తాడు, నేను పక్కన ట్రాలీతో ఉంటాను, బాబు నా చెయ్యి పట్టుకుని ఉంటాడు.

దిగగానే ఇండియా సిమ్ వేసుకుని మీకు మామూలు కాల్ చేస్తాను, వాట్సాప్ కాదు. ఆ నంబర్ అత్తయ్య దగ్గర ఉంది, రీఛార్జ్ కూడా చేయించాను. 10:15 అయినా కాల్ రాకపోతే సిగ్నల్ దొరకలేదనుకోండి, అయినా మీరు రెయిలింగ్ దగ్గరే ఉండండి, మేం నేరుగా అక్కడికే వస్తాం. ఇద్దరం వెతుక్కుంటూ తిరిగితే ఎవరికీ ఎవరూ దొరకం. 11:15 దాటినా మేం కనిపించక, ఫోన్ కూడా కలవకపోతే, అప్పుడు పుష్పక్ బస్సులు ఆగే చోటికి రండి. ఎవర్ని అడిగినా చెబుతారు. నేను కూడా అమ్మని తీసుకుని అక్కడికే వస్తాను.

కలిశాక మీరు అమ్మ దగ్గర ఉండండి, చిన్నోడు వెళ్ళి కారు తీసుకొస్తాడు. అమ్మని పార్కింగ్ దాకా నడిపించొద్దు. ముందు సీటు అమ్మకి, వెనక్కి జరిపి పెట్టండి, కాలు మడవలేకపోతోంది. పెద్ద పెట్టెలు మూడు, చిన్నది ఒకటి ఉన్నాయి. డిక్కీలో మీ సామాను ఏదైనా ఉంటే ఈ రాత్రే తీసేయండి.

ఇంకొకటి, అత్తయ్యని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు కానీ, వీలైతే చిన్న డబ్బాలో పెరుగన్నం పెట్టించండి. అమ్మకి షుగర్, ఉదయం విమానంలో ఏం పెడతారో తెలియదు, బయటికి వచ్చేసరికి పదకొండవుతుంది. మీరు వస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఆవిడకి ప్రాణం కుదుటపడింది. "తమ్ముడు నిద్ర లేకుండా వస్తున్నాడేమో" అని మాత్రం ఆగకుండా అడుగుతోంది. అందుకే చెబుతున్నా, ఇప్పుడు పడుకోండి. అలారం 5:30కి పెట్టుకోండి.

చదివాక సరే అని ఒక్క మెసేజ్ పెట్టండి మామయ్యా, అమ్మకి చూపిస్తాను.

సరిత