గ్రూపు ప్రాజెక్టులో ఎవరి పని ఎంత: మదింపు పత్రం

డిగ్రీ రెండో సంవత్సరం, చరిత్ర. ప్రాజెక్టు: 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ ఎలా మారింది? గ్రూపుకు నలుగురు. ప్రాజెక్టుకు 50 మార్కులు.

ముందు ఇది చదవండి

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటాం కదా. ఫ్రెంచి ఇంజనీరు రింగెల్‌మన్ తాడు లాగించి ఇదే చూశాడు, 1913లో ప్రచురించాడు: ఒంటరిగా లాగినప్పటి కంటే గుంపులో ఒక్కొక్కరు లాగేది తగ్గింది. మన క్లాసులోనూ చూశాను. పోయినేడు ఒకమ్మాయి నలుగురి రిపోర్టూ తెల్లవారుజాము దాకా కూర్చుని ఒక్కతే టైప్ చేసింది. నలుగురికీ ఒకే మార్కు వేశాను. ఆ తప్పు నాది. మళ్ళీ జరగకూడదనే ఈ పత్రం.

దీన్ని రెండుసార్లు రాస్తారు. నాలుగో వారంలో రాసేదానికి మార్కులు లేవు, వెనకబడ్డవాళ్ళు పుంజుకోవడానికే అది. ఎనిమిదో వారంలో రాసేది లెక్కలోకి వస్తుంది. ఎవరికి వారు ఒంటరిగా, తెల్లకాగితం మీద ప్రశ్న నంబరు వేసి రాయండి.

మొదటి భాగం: నా పని

1. ఈ ప్రాజెక్టులో మీ చేత్తో చేసిన మూడు పనులు రాయండి. ప్రతిదానికీ రుజువు చెప్పండి: గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ, ఫోటో, నోట్సు పేజీ, వాట్సాప్ మెసేజ్, ఏదైనా సరే.

"అందరం కలిసి చేశాం" అనేది జవాబు కాదు. "ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో వరదనాడు జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు దగ్గరికి వెళ్ళి ఫోటోలు తీశాను, దాని మీద రెండు పేజీలు రాశాను" అనేది జవాబు.

2. ఒప్పుకుని చేయలేకపోయిన పని ఏది? ఎందుకు? గ్రూపుకు ముందే చెప్పారా?

జ్వరం, ఇంట్లో కష్టం, సాయంత్రం ఉద్యోగం, ఊరి చివరి నుంచి రెండు బస్సులు మారి రావడం, ఇవేవీ తప్పించుకు తిరగడం కిందికి రావు. చెప్పకుండా మాయమైతేనే వస్తుంది. నిజం రాసినందుకు ఒక్క మార్కూ పోదు.

3. మీ గ్రూపు మీ వల్ల ఎక్కడైనా ఇబ్బంది పడిందా? ఒక సంఘటన రాయండి.

రెండో భాగం: నా జట్టువాళ్ళ పని

4. మీరు కాక మిగిలిన ముగ్గురికీ కలిపి 100 పాయింట్లు పంచండి. మీకు మీరు వేసుకోకూడదు. ముగ్గురూ సమానంగా పనిచేశారనిపిస్తే 33, 33, 34 వేయవచ్చు, కానీ మొహమాటానికి వేయకండి. అలా వేస్తే కింది ప్రశ్నకు జవాబు మరింత వివరంగా ఉండాలి.

5. ఒక్కొక్కరి గురించి కళ్ళారా చూసిన ఒక పని రాయండి. పాయింట్లు వేసేముందు వీటిని తలచుకోండి: ఒప్పుకున్న పని సమయానికి తెచ్చారా, తెచ్చినది వాడుకునేలా ఉందా లేక మళ్ళీ రాయాల్సి వచ్చిందా, మీటింగుకు చదువుకుని వచ్చారా, వెనకబడ్డవాళ్ళకు చేయి అందించారా.

గట్టిగా మాట్లాడేవాళ్ళకే ఎక్కువ పాయింట్లు పోతాయని నాకు తెలుసు. స్లైడ్లు చూపించినవాళ్ళు అందరికీ కనిపిస్తారు. అఫ్జల్‌గంజ్‌లో పెద్దవాళ్ళతో ఉర్దూలో మాట్లాడి, తాతల నుంచి విన్న వరద కబుర్లను తెలుగులో రాసిచ్చినవాళ్ళు కనిపించరు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయని తేదీలు సరిచూసి తప్పులు దిద్దినవాళ్ళూ కనిపించరు. వాళ్ళను మరవకండి.

6. ఎవరికైనా 20 కంటే తక్కువ వేశారా? ఆ మాట వాళ్ళతో ముందే అన్నారా? ఏమన్నారు?

మార్కు ఎలా వస్తుంది

గ్రూపు మార్కులో సగం అందరికీ సమానం. మిగతా సగాన్ని మీకు ముగ్గురూ వేసిన పాయింట్ల మొత్తంతో గుణించి 100తో భాగిస్తాను. గ్రూపుకు 40 వచ్చిందనుకోండి. నలుగురికీ వరుసగా 120, 110, 110, 60 పాయింట్లు వస్తే మార్కులు 44, 42, 42, 32. ఎవరికీ 50 దాటదు.

మొత్తం 75 లోపు వచ్చినవాళ్ళను పిలిచి, వాళ్ళ మాట విని, రుజువులు చూశాకే మార్కు ఖాయం చేస్తాను. ముగ్గురు కూడబలుక్కుని ఒకరిని తొక్కేసినట్టు కనిపిస్తే ఆ పాయింట్లు పక్కన పెట్టేస్తాను. మొదటి భాగంలో మీరు రాసుకున్న పనిని ఎవరూ ప్రస్తావించకపోయినా రుజువు ఉంటే లెక్కలోకి తీసుకుంటాను.

ఎవరు ఎంత వేశారో నేను తప్ప ఎవరూ చూడరు. మీకు మొత్తం మాత్రమే చెబుతాను.

కాగితం మడిచి, పైన రోల్ నంబరు వేసి, శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోపు స్టాఫ్‌రూంలో నా చేతికే ఇవ్వండి. స్నేహితులతో పంపవద్దు.