టీ పెట్టె మాకప్ ప్రాంప్ట్: అర మీద పెట్టె, నిజమైన నీడ

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక పాత కిరాణా కొట్టు. చెక్క అర మీద ఒకే ఒక టీ పొడి పెట్టె. ఎడమవైపు కిటికీ నుంచి వచ్చే పొద్దుటి వెలుగులో దాని నీడ అర మీద పడి, వెనక గోడ మీదికి పాకుతోంది. కెమెరాతో తీసిన ఫొటోలా ఉండే చిత్రం కావాలి. చేత్తో గీసిన బొమ్మలా గానీ, కంప్యూటర్‌లో నున్నగా పోత పోసిన నమూనాలా గానీ ఉండకూడదు.

ఈ చిత్రం ఎందుకో ముందే చెబుతున్నాను. ఇన్నేళ్లూ టీ పొడిని విడిగా తూచి, కాగితపు పొట్లాలు కట్టి అమ్మిన ఒక కుటుంబం మొదటిసారి దాన్ని పెట్టెల్లో అమ్మబోతోంది. పెట్టె ఇంకా అచ్చుకు వెళ్లలేదు. అచ్చుకు డబ్బు కట్టేముందు గుంటూరు, తెనాలి దుకాణదారులకు ఈ చిత్రం చూపించి, తమ కొట్లో పెట్టుకుంటారో లేదో అడగాలి. వాళ్లు పొద్దున లేచింది మొదలు అరల మీద పెట్టెలు సర్దే మనుషులు. పెట్టె గాలిలో తేలుతున్నట్టుంటే కారణం చెప్పలేకపోయినా, ఇది నిజం కాదని చూడగానే పట్టేస్తారు. వాళ్లకు నమ్మకం కలిగించేది రంగు కాదు, నీడ. అందుకే కింద నీడ గురించే ఎక్కువ రాశాను. రెండు సూచనలు ఒకదానితో ఒకటి పొసగని చోట నీడ గురించి చెప్పినదే పాటించాలి.

పెట్టె 250 గ్రాముల టీ పొడి పట్టే అట్టపెట్టె. వెడల్పు 9 సెంటీమీటర్లు, లోతు 5, ఎత్తు 15. అట్ట 300 జీఎస్‌ఎం, పైన మ్యాట్ లామినేషన్. అంటే వెలుగు పడిన చోట మెరుపు చుక్క కనిపించదు, రంగు మెత్తగా తేటపడుతుంది. రంగు ఎండిన ఏలక్కాయ తొక్క పచ్చ: లేతగా, కాస్త పసుపు కలిసి, ఎక్కడా చిలకపచ్చ కాకుండా. అంచులు కత్తితో కోసినట్టు ఉండకూడదు. అట్టను మడిచిన చోట అంచు కొద్దిగా గుండ్రబడుతుంది, ఆ మలుపు మీద వెలుగు సన్నని గీతలా నిలుస్తుంది. పై మూత రెక్కను లోపలికి దోపారు కాబట్టి ముందు అంచు వెంట వెంట్రుకంత చీకటి సందు కనిపించాలి. నాలుగు గోడలూ అద్దంలా చదునుగా ఉండనక్కరలేదు. లోపల పొడి నిండి ఉంది, ముందు ముఖం మధ్యలో ఒక మిల్లీమీటరు ఉబ్బితే చాలు.

పెట్టె మీద ఒక్క అక్షరం కూడా వద్దు. తెలుగూ వద్దు, ఇంగ్లిషూ వద్దు, అక్షరాల్లా కనిపించే గీతలూ వద్దు, బార్‌కోడ్ వద్దు. ఇంతకుముందు ప్రయత్నించినప్పుడు వచ్చిన తెలుగులో ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడ్డాయి. మన లిపిని ఆ స్థితిలో దుకాణదారుల ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు. పేరు, బరువు, ధర, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉండే శాకాహార చిహ్నం, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ఇవన్నీ నా అచ్చు ఫైలు నుంచి తీసి తరువాత నేనే ఈ చిత్రం మీద అమరుస్తాను. అప్పుడు కింది వెలుగునీడలు అక్షరాల్లోంచి కూడా కనబడాలి. కాబట్టి ముఖాలు ఖాళీగా ఉండాలే తప్ప, ఒకే రంగు పూసినట్టు చచ్చుగా ఉండకూడదు. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి వెలుగు మారుతున్న తీరు పూర్తిగా కనిపించాలి.

పెట్టె ముందు ముఖం చూసేవారికి ఎడమవైపుగా 20 డిగ్రీలు తిరిగి ఉండాలి. అప్పుడు ముందు ముఖంతోపాటు కుడి పక్క ముఖం సన్నగా కనిపిస్తుంది. అర లోతు 22 సెంటీమీటర్లు. పెట్టె అర అంచుకు 6 సెంటీమీటర్లు లోపలగా ఉంటుంది. పై అర చెక్క 32 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, దాని ముందు అంచు ఫ్రేములో పైన కనిపించాలి.

ఇక వెలుగు. ఉన్నది ఒకటే కిటికీ. చూసేవారికి ఎడమ పక్కన, ముందువైపు 45 డిగ్రీల దిశలో, అరకు మీటరున్నర దూరంలో ఉంది. వెడల్పు 40 సెంటీమీటర్లు. గరుకు అద్దం బిగించి ఉంది కాబట్టి నేరుగా ఎండ పడదు, తెల్లని పగటి వెలుగు పరుచుకుని వస్తుంది. కిటికీ అరకన్నా ఎత్తులో ఉంది, వెలుగు దాదాపు 25 డిగ్రీల వాలున దిగుతుంది. ఇంతకు మించి ఎత్తు నుంచి వస్తే పై అర చెక్క నీడ వెనక గోడనంతా మింగేస్తుంది, పెట్టె నీడకు చోటు మిగలదు. కిటికీ ఫ్రేములో కనిపించకూడదు. ట్యూబ్‌లైట్ లేదు, ఫ్లాష్ లేదు, కుడివైపు నుంచి రెండో వెలుగు లేదు. గతంలో వచ్చిన ఒక చిత్రంలో పెట్టె నీడ కుడికీ, పక్కనున్న సీసా నీడ ఎడమకూ పడ్డాయి. ఆ ఒక్క తప్పుతో చిత్రమంతా పనికిరాకుండా పోయింది.

నీడలను ఈ వరుసలో చూడాలి. మొదటిది పెట్టె అడుగు అరకు ఆనే చోటు. అక్కడ సన్నని, బాగా చిక్కని గీత ఉండాలి, చిత్రం మొత్తంలో అన్నిటికన్నా నల్లని చోటు అదే. అట్టపెట్టె అడుగు పూర్తిగా సమంగా ఉండదు, మడిచిన రెక్కల వల్ల అక్కడక్కడ అర మిల్లీమీటరు లేస్తుంది. కాబట్టి ఆ గీత అంతటా ఒకే మందంలో సాగకూడదు, మూలల దగ్గర చిక్కబడి మధ్యలో పలచబడాలి. వెలుగు తగిలే ముందువైపు అంచు కింద అది వెంట్రుకంత, కుడి అంచు కింద ఇంకాస్త లావు. పెట్టెను అర మీద కూర్చోబెట్టేది ఈ గీతే.

రెండోది అర మీద పరుచుకునే నీడ. అది పెట్టె అడుగు నుంచే పుట్టి కుడివైపుకు, వెనక్కి ఏటవాలుగా సాగుతుంది. పెట్టె నుంచి ఒక సెంటీమీటరు దూరంలో దాని అంచు ఇంకా స్పష్టంగా, రెండు మూడు మిల్లీమీటర్ల మసకతో ఉంటుంది. దూరం పోయేకొద్దీ ఆ మసక పెరిగి, గోడ దగ్గర పెట్టె పై అంచు నీడకు వచ్చేసరికి నాలుగు సెంటీమీటర్లు అవుతుంది. అంచంతా ఒకే మసకతో వస్తే అది నీడలా ఉండదు, పెట్టె కింద పరిచిన బూడిద రంగు గుడ్డలా ఉంటుంది. నీడ నలుపు కాదు. దానిలో చెక్క ఈనెలు కనిపిస్తూనే ఉండాలి.

మూడోది గోడ మీది నీడ. అర మీద సాగిన నీడ గోడను తాకగానే మడత పడి నిలువుగా లేస్తుంది. దాని ఎత్తు పెట్టె ఎత్తులో దాదాపు సగం. మడత పడిన చోట తెగిపోకూడదు, పక్కకు జరగకూడదు. అదే గోడ పై భాగంలో పై అర చెక్క వేసే మెత్తని అడ్డ నీడ ఉంటుంది. ఆ రెండు నీడల మధ్య వెలుగు పట్టీ ఒకటి మిగలాలి. పెట్టె పై భాగం ఆ వెలుగు పట్టీ ముందు నిలబడినట్టు కనిపిస్తే చిత్రం కుదిరినట్టే.

పెట్టె కుడి ముఖానికి కిటికీ వెలుగు అసలు అందదు. అయినా అది చీకటి కాదు. అర చెక్క మీద పడిన వెలుగు తిరిగి కొట్టి, ఆ ముఖం కింది భాగాన్ని కాస్త వెచ్చని రంగుతో వెలిగిస్తుంది, పైకి పోయేకొద్దీ అది చల్లబడి మందగిస్తుంది. ముందు ముఖం వెలుగులో మూడో వంతు ఉంటే సరిపోతుంది. పెట్టె ముందు అర అంచు మీద పెట్టె రంగు లేత పచ్చ ఛాయగా పడవచ్చు, పట్టి చూస్తేనే తెలిసేంత.

అర పాత టేకు చెక్క, మందం రెండున్నర సెంటీమీటర్లు. మొదట కడప బండ అర అనుకున్నాను, మన ఇళ్లలో, కొట్లలో అదే ఎక్కువ కదా. కానీ నల్లని బండ మీద నీడ కలిసిపోతుంది, ఈ చిత్రానికి ప్రాణమైనదే కనబడకుండా పోతుంది. అందుకే టేకు. ఏళ్ల తరబడి డబ్బాలు జరిపి, గుడ్డతో తుడిచి తుడిచి ముందు అంచు నునుపు తేలి ఉండాలి. వార్నిష్ మెరుపు ఉండకూడదు. వెనక గోడ సున్నం వేసిన గోడ, సున్నంలో నీలిమందు కలిపిన ఆ లేత నీలం తెలుపు. సున్నం కుంచె గీతలు మసగ్గా కనిపించవచ్చు. నీడలో ఆ నీలం ఇంకొంచెం తేలాలి.

పెట్టెకు ఎడమవైపు, ఒక బెత్తెడు దూరంలో, గోడకు దగ్గరగా గుండ్రని గాజు సీసా ఒకటి. దానిలో సగానికి పైగా టీ పొడి. ఇది ఆకులు ఆకులుగా ఉండే టీ కాదు. మన ఊళ్లో డికాషన్‌కు వాడేది అస్సాం సీటీసీ పొడి: ముదురు గోధుమ రంగులో, ఆవగింజలంత చిన్న చిన్న గుళికలు. సీసా నీడ పొడి ఉన్న మేర చిక్కగా, పైన ఖాళీ గాజు ఉన్న మేర పలచగా పడాలి. ఆ పలచని నీడ మధ్యలో గాజు గుండా వంగి వచ్చిన వెలుగు చార ఒకటి ఉండాలి. సీసా నీడ కూడా కుడికి, వెనక్కే పడుతుంది, పెట్టె మీద మాత్రం పడకూడదు. అర మీద ఇంకేమీ వద్దు. కొండపల్లి బొమ్మ పెడితే మన ఊరి గుర్తు ఉంటుందని ఒకరు సలహా ఇచ్చారు. ఆ బొమ్మలు నాకు ప్రాణం, కానీ వాటి ఎరుపు, పసుపు పక్కన పెట్టె వెలవెలబోతుంది. ఆవిరి కక్కే కప్పులు, గాలిలో ఎగిరే ఆకులు, పూలు, నీటి బొట్లు, తేయాకు తోటల కొండలు ఏవీ వద్దు.

కెమెరా ఫుల్‌ఫ్రేమ్, 85 మి.మీ. లెన్స్, ఎఫ్/8. కెమెరా ఎత్తు పెట్టె పై అంచుకన్నా కొద్దిగా పైన, చూపు నేరుగా. పెట్టె పై ముఖం సన్నని పట్టీలా కనిపిస్తే చాలు. నిలువు గీతలన్నీ నిలువుగానే ఉండాలి, పైకి పోయేకొద్దీ దగ్గర పడకూడదు. ఫోకస్ ముందు ముఖం మీద. గోడ కొద్దిగా మెత్తబడవచ్చు గానీ దాని మీది నీడ ఆకారం చెదరకూడదు. పెట్టె ఫ్రేము మధ్యకు కాస్త ఎడమగా ఉండాలి, నీడ పడే కుడివైపు ఎక్కువ ఖాళీ వదలాలి. రంగులు ఉన్నవి ఉన్నట్టు, ఫిల్టర్లు లేకుండా.

చిత్రం నిలువు 4:5 నిష్పత్తిలో, 2400 × 3000 పిక్సెళ్లు. నాలుగు చిత్రాలు కావాలి. నాలుగింటిలోనూ వెలుగు దిశ, పెట్టె కొలతలు, కెమెరా మారకూడదు. మారవలసింది కిటికీ అద్దం గరుకుదనం ఒక్కటే: మొదటి దానిలో నీడ అంచు కాస్త గట్టిగా, నాలుగో దానికి వచ్చేసరికి బాగా మెత్తగా.