బెల్లు మోగితే చున్నీ వెతుక్కోనక్కర్లేని బట్టలు: ఈ వేసవి కొత్త కుట్లు

మధ్యాహ్నం మూడింటికి బెల్లు మోగుతుంది. గ్యాస్ బండ వచ్చిందో, పక్క ఫ్లాట్ పిన్నిగారికి కరివేపాకు కావాలో. నైటీ మీద కప్పుకోవడానికి చున్నీయో తువ్వాలో దొరికేలోపు రెండో బెల్లు కూడా అయిపోతుంది. ఈ వేసవికి మేం కుట్టినవన్నీ ఆ కంగారు లేకుండా ఉండాలని కుట్టినవే. వేసుకుని పడుకోవచ్చు, పోపు పెట్టుకోవచ్చు, వెళ్లి తలుపూ తీయొచ్చు.

పెడన కలంకారీ కఫ్తాన్ – రూ. 1,450

మా దగ్గర ముందుగా అయిపోయేది ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాం.

కఫ్తాన్‌కి చంక కత్తిరింపు ఉండదు, చేతులు విడిగా అతికించడం ఉండదు. రెండు ముప్పావు మీటర్ల బట్టని భుజాల దగ్గర మడిచి, నడుమ మెడ తీసి, రెండు పక్కలా అంచుకి కాస్త లోపలగా నిలువు కుట్టు వేస్తాం. అంతే. కుట్టుకి బయట మిగిలిన బట్టే చేతులుగా జారుతుంది. పై అరలోంచి డబ్బా అందుకున్నా చంక కింద పట్టేయదు. బరువు పెరిగినా తగ్గినా కొలత మారదు. ఇస్తాంబుల్ తోప్‌కాపీ మహల్లో ఒట్టోమన్ సుల్తానుల కఫ్తాన్లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అవి పట్టువి, మహా భారీవి. మనది నూలుది, తేలికది.

బట్ట కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దిన నూలు. అందులో నలుపు రంగుని బెల్లం, ఇనుము ఊరబెట్టి తీస్తారు. అద్దకానికి ముందు బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. అందుకే కొత్తలో చిన్న వాసన ఉంటుంది, రెండు ఉతుకులకి పోతుంది. దాన్ని చూసి బట్ట పాతదనుకోకండి. అచ్చు చేత్తో వేసింది కాబట్టి ఒక్కోచోట పువ్వు పక్క పువ్వుతో సరిగ్గా కలవదు. దాన్ని లోపమనుకునేవాళ్లు మిషన్ ప్రింట్ తీసుకోవడమే మేలు.

నడుము దగ్గర లోపల బొందు ఉంది. పక్కన రెండు కాజాల్లోంచి బయటికి వస్తుంది. కడితే నడుము తెలుస్తుంది, వదిలేస్తే గాలి ఆడుతుంది. కుడి వైపు కుట్టులో జేబు ఉంది. పోయిన ఏడాది మేం జేబు మరీ కిందకి పెట్టాం, ఫోన్ వేస్తే నడుస్తున్నప్పుడు మోకాలికి తగిలేది. ఇప్పుడు నాలుగు అంగుళాలు పైకి తెచ్చాం. పొడవు 52 అంగుళాలు, కింద పక్కల 14 అంగుళాల చీలిక. మెట్లెక్కేటప్పుడు కాళ్లకి అడ్డం పడదు. మెడ చీలిక ఏడు అంగుళాలు, రెండు గుండీలు. పాలిచ్చే తల్లులు అడిగితే జిప్పు పెట్టిస్తాం, దానికి రూ. 80 అదనం.

రంగులు: ఎరుపు మీద నలుపు, ముదురు నీలం, లేత గోధుమ. లేత గోధుమలో ఎండకి ఎదురుగా నిలబడితే కాస్త కనబడుతుంది, లోపల లంగా వేసుకోండి. మిగతా రెండింటికీ అక్కర్లేదు.

కేంబ్రిక్ పైజామా సెట్ (ఆడవాళ్లకి) – రూ. 1,690

షర్టుకి కోటు కాలరు, ముందు అయిదు గుండీలు, అంచుల వెంబడి సన్నటి పైపింగ్. చేతులు మోచేతి కిందకి, మడుచుకోవడానికి వీలుగా. ఒక జేబు రొమ్ము మీద, రెండు పక్కల్లో.

పైజామా సంగతే ముఖ్యం. ముందు బొందు, వెనక ఎలాస్టిక్. నడుము చుట్టూ ఎలాస్టిక్ ఉంటే పొద్దున లేచేసరికి పొట్ట మీద ఎర్రటి గీత పడుతుంది, అది మాకు నచ్చదు. కాళ్ల మధ్య మియానీ, అంటే విడిగా అతికే చిన్న ముక్క, వేశాం. ఈ రోజుల్లో రెడీమేడ్ వాళ్లు చాలామంది ఆ కాస్త బట్ట ఆదా అవుతుందని అది మానేశారు. కింద బాసింపట్టు వేసుకుని కూరగాయలు తరిగితే తేడా తెలుస్తుంది: మియానీ లేని పైజామా తొడల దగ్గర లాగి, ఆర్నెల్లలో సరిగ్గా అక్కడే చిరుగుతుంది.

కేంబ్రిక్ నేత దట్టం, ముట్టుకుంటే నున్నగా ఉంటుంది, కాబట్టి తెలుపు కూడా ఒంటిని చూపించదు. మొదటి ఉతుకులో నూరుకి మూడు పాళ్లు కుంచించుకుంటుంది. మేం ముందే తడిపి ఆరేసి కత్తిరించాం. ఇస్త్రీ లేకపోతే ముడతలు పడతాయి, పడనివ్వండి. గంజి మాత్రం పెట్టకండి.

సీర్‌సకర్ పైజామా సెట్ (మగవాళ్లకి) – రూ. 1,750

ఈ బట్టలో ఒక గీత సాపుగా, పక్క గీత ముడుచుకుని ఉంటుంది. మగ్గం మీద పడుగు దారాల బిగువు మార్చి నేస్తే వచ్చే ముడత ఇది, ఉతికినా పోదు. ఆ పేరు పారసీకంలో పాలు, చక్కెర అనే మాటల నుంచి వచ్చింది. ఒక గీత పాలంత నున్నన, ఇంకోటి చక్కెరంత గరుకు. బట్ట మొత్తం ఒంటికి అంటుకోదు, మధ్యలో గాలి తిరుగుతుంది. ఇస్త్రీ మాట మరిచిపోవచ్చు. లుంగీ తప్ప ఇంకేదీ కట్టని ఆయనకి కొనే ముందు మాత్రం ఒకసారి ఆలోచించుకోండి. మా నాన్నగారికి కుట్టిచ్చింది రెండేళ్లుగా బీరువాలోనే ఉంది.

వాఫుల్ నేత రోబ్ – రూ. 1,990

చిన్న చిన్న చదరపు గుంటలతో నేసిన నూలు. తువ్వాలంత బరువుండదు, నీళ్లు మాత్రం బాగా పీలుస్తుంది. స్నానం చేసి తలకి తువ్వాలు చుట్టుకుని, చీర కట్టుకునేలోపు కాఫీ తాగడానికి పనికొచ్చే బట్ట ఇది. కాన్పుకి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు బ్యాగులో పెట్టుకోవడానికి ఎక్కువగా అడుగుతున్నారు. మోకాళ్ల కిందకి, వెడల్పాటి చేతులు, లోపల ఒక చిన్న ముడి, పైన బెల్టు. ఉతుకులో బెల్టు పోకుండా వెనక నడుము దగ్గర కుట్టేశాం.

మోడల్ లాంజ్ సెట్ – రూ. 1,590

మోడల్ అంటే బీచ్ చెట్టు గుజ్జు నుంచి తీసే నార. దాంతో అల్లిన బట్ట, సాగడానికి 5 శాతం స్పాండెక్స్. చల్లగా జారుతుంది, మడతలు పడవు. వదులు టీషర్టు, వెడల్పాటి కాళ్ల ప్యాంటు. రాత్రి బస్సుకి, విమానానికి ఇది బాగుంటుంది. కిందకి దిగి పాల ప్యాకెట్ తెచ్చుకున్నా నైట్‌డ్రెస్‌లో వచ్చారని ఎవరూ అనుకోరు. బ్యాగు పట్టీ రాసుకునే చోట కొన్నాళ్లకి చిన్న ఉండలు కట్టొచ్చు. తిరగేసి ఉతికితే తగ్గుతుంది. వేడి నీళ్లు వద్దు.

ఉతుకు, కొలతలు

కలంకారీ మొదటి మూడుసార్లు విడిగా చల్లనీళ్లలో ఉతకండి, రంగు దిగుతుంది. నానబెట్టకండి, నీడలో తిరగేసి ఆరేయండి. మిగతావన్నీ మిషన్లో వేసుకోవచ్చు.

సైజు అంటే ఎస్, ఎమ్, ఎల్ అని చెప్పకండి. బాగా పట్టే పాత నైటీ ఒకటి మంచం మీద పరిచి ఛాతీ వెడల్పు, భుజం నుంచి కింద అంచు దాకా పొడవు అంగుళాల్లో చెప్పండి. పైజామాకైతే తుంటి చుట్టుకొలత చాలు. తుంటి 46 దాటితే బట్ట ఎక్కువ పడుతుంది, రూ. 150 కలుస్తుంది. ఎత్తు అయిదడుగుల లోపు ఉన్నవాళ్లు ముందే చెబితే కింద అంచు మడిచి పంపుతాం, దానికి డబ్బులు తీసుకోం.