అవసర వివరణ (సవరించిన ప్రతి): సిరోంచ తాలూకాలో తెలుగు పిల్లల తొలి చదువు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఆరేళ్లకు మరాఠీ బడిలో చేరతారు. చెవికే కొత్తయిన భాషలో వాళ్లు మొదటి రోజు నుంచీ చదవాలి, రాయాలి. గత ఏప్రిల్‌లో మా మూడు ఊళ్లలో మూడో తరగతి పూర్తయిన 34 మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివించాం. మరాఠీ వాక్యాన్ని 21 మంది కూడబలుక్కుని పైకి చదివారు. అందులో ఏముందో చెప్పగలిగింది 8 మందే.

ఈ పిల్లల తొలి చదువుకు సాయం అడుగుతూ కిందటిసారి మీకు పంపిన ప్రతిలో ఈ మాట మూడో పేజీలో ఉంది. దానికి ముందు తాలూకా చరిత్ర రాశాం. ఈసారి దాన్ని తీసేశాం. మీరు ముందుగా తరగతి గదిలోకి రావాలి.

గోడ మీద 'క' అక్షరం పక్కన తామర పువ్వు బొమ్మ ఉంటుంది. 'క కమళాచా' అని టీచర్ చదివిస్తారు. మరాఠీ ఇంటి పిల్లకు బొమ్మ చూడగానే 'కమళ్' గుర్తొస్తుంది, అందులోంచి 'క' శబ్దం దొరుకుతుంది. మా పిల్ల 'తామర' అంటుంది. 'ఘ'కు ఇంటి బొమ్మ చూసి 'ఇల్లు' అంటుంది. సాయం చేయాల్సిన బొమ్మే దారి తప్పిస్తోంది. అదే 'న' దగ్గర కుళాయి బొమ్మ వస్తే తడుముకోదు: మరాఠీలో 'నళ్', మా ఇళ్లలో 'నల్లా'. తెలిసిన మాట దొరికితే అక్షరం వెంటనే పట్టుబడుతుంది. అంటే లోపం పిల్లలో లేదు.

లెక్కల్లోనూ ఇదే తంటా. ఇరవై ఐదును మరాఠీలో 'పంచవీస్' అంటారు, ఐదు ముందు వినిపిస్తుంది. విన్న వరసలోనే రాసి 52 వేసే పిల్లల్ని మేం రోజూ చూస్తున్నాం.

మూడో తరగతి దాటాక ప్రతి పాఠమూ చదివే నేర్చుకోవాలి. అప్పటికి చదువు పట్టుబడని పిల్లలు బడిలో మౌనంగా కూర్చుంటారు. సంక్రాంతి దాటి అమ్మానాన్నలు మిరప ఏరడానికి తెలంగాణ వెళ్లేటప్పుడు ముందుగా వెంట బయల్దేరేది ఈ పిల్లలే. తిరిగొచ్చేసరికి ఏడాది పాఠాలు అయిపోవస్తాయి.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతోంది. మూడో తరగతికల్లా ప్రతి పిల్లా అర్థం చేసుకుని చదవాలన్నది 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం, గడువు 2026-27. మా టీచర్లు శ్రద్ధగా చెబుతారు, కానీ చాలామందికి తెలుగు రాదు. తెలుగులో మొదలై మరాఠీలోకి నడిపించే వాచకం గానీ, బొమ్మల అట్ట గానీ, కథల పుస్తకం గానీ ఈ మూడు బడుల్లో ఒక్కటీ లేదు. మేం సాయం అడుగుతున్నది ఈ లోటు పూడ్చడానికే. వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో చేరే పిల్లలకు అవి మొదటి వారంలోనే చేతికి అందాలి.