"తాజా చేప త్వరగా రావాలి" స్టోరీకి యాక్సెప్టెన్స్ క్రైటీరియా

మేడమ్, మీ స్టోరీ ఇలా ఉంది: "కస్టమర్‌గా నాకు తాజా చేప త్వరగా ఇంటికి రావాలి". చదవడానికి బానే ఉంది కానీ ఇందులో తాజా, త్వరగా రెండూ ఎవరిష్టం వాళ్లు అనుకునేవే, ఇలా వదిలేస్తే డెవలపర్ ఒకటి కడతాడు నేను ఇంకోటి టెస్ట్ చేస్తా, చివర్లో డెమోలో మీరు మూడోది అడుగుతారు.

ముందు తాజా సంగతి. ఫిషింగ్ హార్బర్‌లో పెద్ద బోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉండి వస్తాయి కాబట్టి వల వేసిన రోజు పట్టుకుంటే మన పని అవ్వదు, ఆ తేదీ మనకి చెప్పేవాళ్లే లేరు. సరుకు కొనేటప్పుడు మనవాళ్లు ఎంట్రీ చేసేది వేలం తేదీ, దాన్నే పట్టుకున్నా. త్వరగా అంటే, బీచ్ రోడ్ ట్రాఫిక్‌లో డెలివరీ అబ్బాయి బైక్‌ని నేను టెస్ట్ చెయ్యలేను కదా, యాప్ ఏ స్లాట్ మాటిచ్చిందో అది చెయ్యగలను. మొన్న కాల్‌లో మీరన్న ఉదయం 8 గంటల కటాఫే వేశా.

ఇంకోటి, స్టోరీలో అసలు లేనిది: వేట నిషేధం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఇంజిన్ లేని తెప్పలకి నిషేధం లేదు గానీ మనం కొనేది బోట్ల సరుకే.

కుకుంబర్‌కి తెలుగు కీవర్డ్స్ ఉన్నాయి, హార్బర్‌లో మన సప్లయర్ కూడా చదివి తప్పుంటే చెప్తాడని అందులోనే రాశా (కీవర్డ్స్ మరీ గ్రాంథికం, అవి నా చేతిలో లేవు):

```gherkin
# language: te
గుణము: తాజా చేపల ఆర్డర్

  సన్నివేశం: నిన్నటి లాట్‌కి తాజా లేబుల్ ఉండదు
    చెప్పబడినది ఈరోజు 2025-03-10
    మరియు వంజరం లాట్ వేలం తేదీ 2025-03-09
    ఈ పరిస్థితిలో కస్టమర్ వంజరం పేజీ తెరిస్తే
    అప్పుడు "తాజా" లేబుల్ కనపడకూడదు

  కథనం: ఉదయం కటాఫ్
    ఈ పరిస్థితిలో మధురవాడ కస్టమర్ <టైమ్>కి ఆర్డర్ పెడితే
    అప్పుడు స్లాట్ "<స్లాట్>" అని చూపించాలి

    ఉదాహరణలు:
      | టైమ్ | స్లాట్ |
      | 07:59 | ఈరోజు 11 లోపు |
      | 08:00 | రేపు 11 లోపు |

  కథనం: వేట నిషేధం
    చెప్పబడినది ఈరోజు <తేదీ>
    మరియు వంజరం స్టాక్ 10 కిలోలు ఉంది
    ఈ పరిస్థితిలో కస్టమర్ వంజరం పేజీ తెరిస్తే
    అప్పుడు "కొనండి" బటన్ <స్థితి>

    ఉదాహరణలు:
      | తేదీ | స్థితి |
      | 2025-04-14 | కనపడాలి |
      | 2025-04-15 | కనపడకూడదు |
      | 2025-06-14 | కనపడకూడదు |
      | 2025-06-15 | కనపడాలి |
```

నిషేధం దాంట్లో 10 కిలోల లైన్ ఎందుకురా అని తీసెయ్యకండి. స్టాక్ సున్నా ఉంటే బటన్ ఎలాగూ రాదు, అప్పుడు నిషేధం కోడ్ అసలు రాయకపోయినా "కనపడకూడదు" వరసలు పాస్ అయిపోతాయి.

చెరువు రొయ్యలకి ఈ తేదీలతో సంబంధం లేదు, వాటికి వేరే స్టోరీ తియ్యండి, ఇందులో దూర్చొద్దు. 8:00 సరిగ్గా కొట్టినవాళ్లని రేపటికి తోశా, మీరు ఈరోజే ఇవ్వాలంటే ఆ ఒక్క వరస మార్చి చెప్పండి, స్ప్రింట్ ప్లానింగ్‌కి ముందే.