పుట్టినరోజు శుభాకాంక్షలే, క్లాస్ లీడరూ!

నీ నంబర్ మారలేదన్న ధైర్యంతో పంపుతున్నా. మారి ఉంటే, ఇది చదువుతున్నది ఎవరో గానీ, వాళ్లకీ శుభాకాంక్షలు!

నేనేనే, మూడో బెంచీలో నీ పక్కన కూర్చుని, నీ కెమిస్ట్రీ రికార్డు చూసి బొమ్మలు దించుకున్నదాన్ని. పొద్దున మా అమ్మాయి బ్యూరెట్ బొమ్మ వంకరగా గీస్తుంటే "స్కేలు పెట్టవే!" అని అరిచాను. తీరా చూస్తే అది అచ్చం నీ మాటే. తేదీ చూశాను, నీ పుట్టినరోజు. ఇంక ఊరుకుంటానా?

ఇన్నాళ్లూ ఎవరు ఎవరికి ఫోన్ చేయలేదో ఆ లెక్కలు మనకెందుకు. నువ్వింకా నవ్వు మొదలైతే ఆపుకోలేవా? ఆ నవ్వు వల్లే కదా, లీడరువై ఉండి కూడా క్లాసు బయట నిలబడేదానివి (నన్నూ లాక్కెళ్లేదానివి).

నేను బ్యాంకులో చేస్తున్నా. ఇద్దరు పిల్లలు, కొత్తగా ఒక కళ్లజోడు. మాటలు మాత్రం తగ్గలేదు.

ఇవాళ నీకు ఫోన్లు మోగుతూనే ఉంటాయి, జవాబుకి తొందరేం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఖాళీ. వీలు చూసుకుని ఒకసారి చెయ్యి, నీ కబుర్లన్నీ వినాలి.