పదో తరగతి తెలుగు పునశ్చరణ పత్రం: పర్యాయపదాలు, నానార్థాలు (జవాబులు, వివరణలతో)

విద్యార్థులకు సూచన: సన్నాహక పరీక్ష పత్రాలు దిద్దుతున్నప్పుడు, పట్టికలు కంఠస్థం చేసినవారు కూడా వాక్యంలో పదం కనిపించేసరికి తడబడుతున్నట్లు తేలింది. అందుకే ఈ పత్రంలో దాదాపు ప్రతి పదాన్నీ వాక్యంలో పెట్టి అడిగాం. ముందుగా జవాబును కాగితంతో మూసి, మీ సమాధానం రాసుకున్న తరువాతే వివరణ చదవండి. ఒకే అర్థాన్నిచ్చే వేర్వేరు పదాలు పర్యాయపదాలనీ, ఒకే పదానికి ఉన్న వేర్వేరు అర్థాలు నానార్థాలనీ మీకు తెలుసు. అయినా నానార్థాలు రాయమంటే పర్యాయపదాలు రాసినవారు ఈసారీ ఉన్నారు కనుక ప్రశ్నను రెండుసార్లు చదవండి.

మొదటి భాగం: పర్యాయపదాలు

1. ఆషాఢం దాటినా ఆకాశంలో ‘జలదం’ జాడ లేకపోవడంతో రైతులు నారుమళ్ళకు బోరునీరు పెట్టుకున్నారు. గీత గీయదగిన పదానికి పర్యాయపదాలు ఏవి?
అ) జలధి, వారిధి  ఆ) నీరదం, అంబుదం  ఇ) నీరజం, వారిజం  ఈ) సలిలం, తోయం

జవాబు: ఆ.
వివరణ: ఈ ఒక్క ప్రశ్న బాగా అర్థమైతే పది పదాలు కంఠస్థం చేయవలసిన పని తప్పుతుంది. జలం, వారి, నీరం, అంబువు, పయస్సు అనేవన్నీ నీటికి పేర్లు. ఆ పేరు చివర ‘ద’ చేరితే నీటిని ఇచ్చేది, అంటే మేఘం. ‘ధి’ చేరితే నీటికి నిలయమైనది, అంటే సముద్రం. ‘జ’ చేరితే నీటిలో పుట్టినది, అంటే తామర. కాబట్టి పయోదం మేఘం, పయోధి సముద్రం, పయోజం తామర అని ఎవరూ చెప్పకుండానే తెలుసుకోవచ్చు. ఇక్కడ జరిగే పొరపాటంతా ఒత్తులోనే ఉంది. మాట్లాడేటప్పుడు ఒత్తు పలకని అలవాటు రాతలోకి వస్తే సముద్రం ఆకాశానికి ఎక్కుతుంది. ‘ఈ’లోని పదాలు నీటికే పర్యాయపదాలు, నీరు, నీటినిచ్చే మేఘం ఒకటి కావు.

2. కొండమీది ఎండుగడ్డికి అంటుకున్న ‘అనలం’ సాయంత్రానికి ఊరివైపు మళ్ళింది.
అ) పవనం, సమీరం  ఆ) వహ్ని, పావకుడు  ఇ) మారుతం, వాయువు  ఈ) అనిలం, చిచ్చు

జవాబు: ఆ.
వివరణ: అనలం నిప్పు, అనిలం గాలి. ‘ఈ’లో చిచ్చు సరైనదే అయినా పక్కన అనిలం ఉంది కాబట్టి ఆ జంట చెల్లదు, జంటగా ఇచ్చినప్పుడు రెండు పదాలనూ పరీక్షించాలి. పవనుడు, పావకుడు అనే పదాలు కూడా కలగాపులగం అవుతుంటాయి. శుద్ధి చేయడమనే అర్థమున్న ఒకే ధాతువునుంచి రెండూ పుట్టాయి కనుక ఆ గందరగోళంలో విద్యార్థుల తప్పు కొంతే. మొదటిది గాలికి, రెండోది అగ్నికి పేరని గుర్తుంచుకోవడం తప్ప వేరే దారి లేదు.

3. ఉరగం, పన్నగం, తురగం, భుజంగం అనే పదాలలో మిగిలినవాటితో చేరనిది ఏది?

జవాబు: తురగం.
వివరణ: ‘గ’ అంటే పోయేది. ఉరస్సుతో, అంటే రొమ్ముతో పాకుతూ పోయేది ఉరగం. వంకరగా పోయేది భుజంగం. పాదాలతో పోనిది పన్నగం. ఈ మూడూ పాముకు పేర్లు. వేగంగా పోయేది తురగం, అంటే గుర్రం. ఇదే వరుసలో ఆకాశంలో పోయే పక్షి ఖగం, ఎక్కడికీ పోని కొండ నగం.

4. మధుపం, పాదపం, ద్విపం అనే పదాలను చెట్టు, ఏనుగు, తుమ్మెద అనే పదాలతో జతపరచండి.

జవాబు: మధుపం తుమ్మెద, పాదపం చెట్టు, ద్విపం ఏనుగు.
వివరణ: ఇక్కడ ‘ప’ అంటే త్రాగేది. తేనె త్రాగేది మధుపం. వేళ్ళనే పాదాలతో నీరు త్రాగేది పాదపం. తొండంతో పీల్చి నోటితో మింగుతూ రెండింటితో త్రాగేది ద్విపం. అయితే ‘ప’ కనిపించిన ప్రతిచోటా ఈ అర్థం అతికించకూడదు. నృపుడు, భూపుడు అనే పదాలలో ‘ప’ కాపాడేవాడు అనే అర్థాన్నిస్తుంది, లేకపోతే రాజు ప్రజలను త్రాగేవాడవుతాడు. తుమ్మెదకున్న ద్విరేఫం అనే పేరు మాత్రం దాని అలవాటునుబట్టి వచ్చింది కాదు. ‘భ్రమర’ అనే మాటలో రెండు రేఫలు, అంటే రెండు రకారాలు, ఉన్నందువల్ల ఆ పేరు వచ్చింది.

5. దివాకరుడు, నిశాకరుడు, ప్రభాకరుడు, దినకరుడు అనే పదాలలో చంద్రునికి వర్తించేది ఏది?

జవాబు: నిశాకరుడు. నిశ అంటే రాత్రి. రత్నాకరం కూడా వినడానికి ఇలాగే ఉన్నా అది సముద్రం. అందులోని రెండో పదం ‘ఆకరం’, అంటే గని.

6. బంగారానికి పర్యాయపదాలైన కింది జంటలలో రెండూ తెలుగు పదాలే ఉన్నది ఏది?
అ) పసిడి, కనకం  ఆ) హేమం, పుత్తడి  ఇ) పసిడి, పుత్తడి  ఈ) కాంచనం, స్వర్ణం

జవాబు: ఇ.
వివరణ: పర్యాయపదం అన్నంతమాత్రాన ఒకదాని స్థానంలో మరొకటి ఎక్కడైనా ఒదుగుతుందని అనుకోకూడదు. పసిడి గాజులు అంటాం కానీ కాంచనం గాజులు అనం. స్వర్ణాభరణం అంటాం కానీ పుత్తడితో అలాంటి సంధి చేయం. సొంతవాక్యంలో పర్యాయపదాన్ని వాడమన్నప్పుడు పక్కపదంతో అది పొసగుతోందో లేదో ఒకసారి పైకి చదువుకొని చూడండి.

రెండో భాగం: నానార్థాలు

7. కింది నాలుగు వాక్యాలలో ‘కరం’ ఏ అర్థంలో వచ్చిందో రాయండి.
క) మావటివాడు పిలవగానే ఏనుగు కరం చాచి చెరకుగడ అందుకుంది.
ఖ) శరత్కాలంలో చంద్రుని కరాలు సోకి కలువలు విచ్చుకున్నాయి.
గ) కరువు వచ్చిన ఏడు ఆ రాజు ప్రజలనుంచి కరం వసూలు చేయలేదు.
ఘ) అతిథికి ఆమె తన కరంతోనే వడ్డించింది.

జవాబు: తొండం, కిరణం, పన్ను, చేయి.
వివరణ: నాలుగు అర్థాలూ తెలిసినవారు సైతం ‘క’ వాక్యానికి చేయి అని రాయడం మామూలే. ఏనుగుకు తొండమే చేయి కాబట్టి ఆ ఊహ పూర్తిగా నిరాధారం కాదు. ఆ పోలికవల్లనే కరం కలది కరి, హస్తం కలది హస్తి అనే పేర్లు ఏనుగుకు వచ్చాయి. అయినా ప్రశ్న అడిగింది ఆ వాక్యంలోని అర్థాన్ని కనుక తొండం అనే రాయాలి.

8. ‘గుణం’ తెగిన విల్లు ఎంత గొప్ప వీరుని చేతిలో ఉన్నా కట్టెతో సమానమే.
అ) స్వభావం  ఆ) వింటినారి  ఇ) బాణం  ఈ) అమ్ములపొది

జవాబు: ఆ.
వివరణ: గుణానికి స్వభావం, దారం, వింటినారి అనే అర్థాలు ఉన్నాయి. ‘మందు వేశాక గుణం కనిపించింది’ అని ఇళ్ళలో అనుకునే మాటలో ఫలితం అనే అర్థం వినిపిస్తుంది. పక్కనే విల్లు ఉంది కాబట్టి బాణం అని గురిపెట్టినవారు ‘తెగిన’ అనే మాటను చూడలేదు. బాణం విరుగుతుంది, నారి తెగుతుంది.

9. గుహలోనుంచి వెలువడిన ‘హరి’ గర్జనకు కరులు చెల్లాచెదురయ్యాయి.
అ) విష్ణువు  ఆ) కోతి  ఇ) సింహం  ఈ) ఇంద్రుడు

జవాబు: ఇ.
వివరణ: ఇచ్చిన నాలుగూ హరి శబ్దానికి ఉన్న అర్థాలే, గర్జన, గుహ, కరులు అనే మూడు మాటలు తీర్పు చెబుతున్నాయి. అమరకోశం మూడో కాండలోని నానార్థవర్గం ఈ పదానికి యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని 13 అర్థాలు చెప్పి, పైగా కపిలవర్ణాన్ని కూడా చేర్చింది. అన్నీ నేర్వనవసరం లేదు. విష్ణువు, సింహం, కోతి, ఇంద్రుడు, గుర్రం గుర్తుంటే మీ స్థాయికి చాలు.

10. ‘ద్విజ’ శబ్దానికి పక్షి, దంతం, బ్రాహ్మణుడు అనే మూడు అర్థాలు ఎలా కుదిరాయి?

జవాబు: రెండుసార్లు పుట్టినది ద్విజం. పక్షి మొదట గుడ్డుగా, తరువాత గుడ్డునుంచి పిల్లగా పుడుతుంది. పాలపళ్ళు రాలిన చోట మళ్ళీ పళ్ళు వస్తాయి. ఉపనయనాన్ని రెండో పుట్టుకగా భావించడంవల్ల బ్రాహ్మణునికి ఆ పేరు వచ్చింది. హరి శబ్దంలా ఎటుపడితే అటు విస్తరించిన పదాలు కొన్నైతే, ఇలా ఒకే మూలార్థం మూడు చోట్ల నిలిచిన పదాలు కొన్ని. ఈ రెండో రకం పదాలకు వ్యుత్పత్తి తెలిస్తే నానార్థాలు వాటంతట అవే గుర్తుంటాయి.

11. కింది వాటిలో తప్పుగా ఉన్నది ఏది?
అ) అంబరం: ఆకాశం, వస్త్రం  ఆ) సుధ: అమృతం, సున్నం  ఇ) మిత్రుడు: స్నేహితుడు, సూర్యుడు  ఈ) వనం: అడవి, పర్వతం

జవాబు: ఈ.
వివరణ: వనానికి అడవి, నీరు అనేవి అర్థాలు. తామరను వనజం అనడం ఈ రెండో అర్థంతోనే, అడవిలో పుట్టినందుకు కాదు. సుధకు సున్నం అనే అర్థం ఉందంటే చాలామంది నమ్మరు; సున్నం పూసిన మేడ కాబట్టే దానిని సౌధం అన్నారు. పీతాంబరం, దిగంబరుడు అనే మాటలలో అంబరం వస్త్రమే.

12. నెల, పాలు, ఏరు అనే తెలుగు పదాలకు నానార్థాలు రాయండి.

జవాబు: నెల అంటే మాసం, చంద్రుడు. పాలు అంటే క్షీరం, వంతు. ఏరు అంటే నది, నాగలి.
వివరణ: సంస్కృత పదాలకే నానార్థాలుంటాయని అనుకొని ఈ ప్రశ్న వదిలేసేవారు ఎక్కువ. నెలవంక అన్నప్పుడు మనం చంద్రుణ్ణే అంటున్నాం; శివునికి నెలతాల్పు అనే పేరు కూడా అలా వచ్చిందే. అన్నదమ్ములు పొలం పంచుకొని ‘నా పాలు నాకు వచ్చింది’ అంటే అది వంతు. జ్యేష్ఠ పౌర్ణమినాటి ఏరువాకలో ఉన్నది నాగలి, నది కాదు. గింజలు ఏరడం అనే క్రియను కూడా కొందరు మూడో అర్థంగా రాస్తారు. అది రూపంలో కలిసిన వేరే మాట అని నా అభిప్రాయం. మీరు నామవాచకార్థాలే రాయండి.

13. ‘అంకం’ అనే పదాన్ని మూడు వేర్వేరు అర్థాలలో సొంతవాక్యాలలో ప్రయోగించండి. (3 మార్కులు)

మార్కులు ఇచ్చే విధానం: ‘అంకం అంటే ఒడి’ అని రాస్తే అది అర్థం చెప్పడమే తప్ప ప్రయోగం కాదు కనుక మార్కు ఉండదు. వాక్యం చదివినవారికి ఆ అర్థం తప్ప మరొకటి తోచకూడదు. అలాగే మూడు వాక్యాలలో రెండింట అర్థం ఒకటే అయితే ఒక మార్కు పోతుంది.

నమూనా జవాబు: బడినుంచి వచ్చిన చిన్నవాడు అమ్మమ్మ అంకంలో తలపెట్టుకొని నిద్రపోయాడు. నాటకం మూడో అంకం మొదలయ్యేసరికి వాన వచ్చి ప్రేక్షకులు చెట్లకిందికి పరుగెత్తారు. కుందేలు ఆకారపు అంకం కనిపిస్తుంది కాబట్టి చంద్రుణ్ణి శశాంకుడని పిలుస్తారు.